ఫోన్‌లోని బిల్లుల ఫోటోల నుంచి సాగు ఖర్చు తేల్చడం ఎలా?

ఇద్దరు అన్నదమ్ములు కలిసి మిరప సాగు చేశారనుకుందాం. బిల్లులన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టుకున్నారు. పంట అమ్మాక వాటాలు తేల్చుకోవాలి. ఫోటోలు చూసి మొత్తాలు పట్టికలో రాయమని చదువుకున్న కుర్రవాడికి అప్పగించారు. ఏది ఏ పద్దులో రాయాలో, అన్నీ రూపాయలేనా కాదా అన్నది ఎవరూ చెప్పలేదు. ఇలాంటప్పుడు బిల్లు చివర కనిపించిన పెద్ద అంకెనల్లా రాసేస్తే వాటాల దగ్గర తగాదా తప్పదు.

ఆరు ఫోటోలతో చూద్దాం. ఎరువుల బిల్లు 3,233. పురుగుమందుల బిల్లు చివర 10,620. అదే షాపుకు ఫోన్‌లో 5,000 పంపిన స్క్రీన్‌షాట్. డీజిల్ రసీదు 1,940. మార్కెట్ యార్డు తక్‌పట్టీ 62,850. బ్యాటరీ స్ప్రేయర్ చీటీ మీద 18.750. ఉన్నవి ఉన్నట్టు కూడితే (ఆఖరిదాన్ని 18,750గా చదివి) 1,02,393 వస్తుంది. ఈ అంకెకు అర్థమే లేదు.

అసలు చిక్కు పురుగుమందుల బిల్లులో ఉంది. అందులో ఆ రోజు కొన్న మందులు 4,120. దాని కింద పాత బాకీ 6,500 కలిపి మొత్తం 10,620 అని రాశారు. ఆ కింద జమ 5,000, నిల్వ 5,620. పాత బాకీ ఇంతకుముందు కొన్న సరుకుది, దాని బిల్లు వేరే ఫోటోలో ఉంటుంది. కాబట్టి ఈ బిల్లు ఖర్చు 4,120 మాత్రమే. స్క్రీన్‌షాట్‌లోని 5,000 ఆ జమే, కొత్త ఖర్చు కాదు. షాపు పేరు, తేదీ, మొత్తం మూడూ కలిస్తే అది చెల్లింపు అని గుర్తించవచ్చు. అరువు మీద కొనే మన పల్లెల్లో ఈ పొరపాటే ఎక్కువ.

డీజిల్ రసీదు వేడికి అచ్చుపడే కాగితం, త్వరగా వెలిసిపోతుంది. మొదటి అంకె కనపడకపోతే ఊహించి రాయవద్దు. 20 లీటర్లు, లీటరు 97.00 అని కనపడుతుంటే గుణించి 1,940 అని సరిచూసుకోండి. ఎరువుల బిల్లునూ అంతే: డీఏపీ రెండు బస్తాలు 2,700, యూరియా రెండు బస్తాలు 533, కలిపితే 3,233 సరిపోయింది.

ఇక కరెన్సీ. బిల్లు మీద రూపాయి గుర్తు లేకపోయినా జీఎస్టీ నంబరు ఉంటే అది మన దేశపు బిల్లే. ఆ నంబరు ఆంధ్రప్రదేశ్‌లో 37తో, తెలంగాణలో 36తో మొదలవుతుంది. స్ప్రేయర్ చీటీ మీద అలాంటిదేమీ లేదు, పైగా చుక్క తర్వాత మూడు అంకెలున్నాయి. కువైట్ దినార్‌ను వెయ్యి ఫిల్స్‌గా విడగొడతారు గనుక అక్కడి బిల్లుల్లో ధర ఇలాగే ఉంటుంది. ఒమన్, బహ్రెయిన్‌లలోనూ అంతే. కువైట్ నుంచి బంధువు తెచ్చినదైతే అది 18,750 రూపాయలూ కాదు, 18 రూపాయల 75 పైసలూ కాదు. పద్దెనిమిదిన్నర దినార్ల పైచిలుకు, అంటే ఐదు వేల రూపాయల పైమాటే. తెచ్చిన మనిషిని అడిగేవరకు కరెన్సీ గడిలో ‘తేలలేదు’ అనే రాయండి. తేలాక కొన్న రోజు మారకపు రేటు వేసి, ఆ రేటును కూడా గమనికలో ఉంచండి.

| ఫోటో | సరుకు | మొత్తం | కరెన్సీ | రకం | పద్దు |
|---|---|---|---|---|---|
| 1 | డీఏపీ, యూరియా | 3233 | రూ. | ఖర్చు | |
| 2 | పురుగుమందులు | 4120 | రూ. | ఖర్చు | |
| 3 | ఫోటో 2 షాపుకు | 5000 | రూ. | చెల్లింపు | |
| 4 | డీజిల్ | 1940 | రూ. | ఖర్చు | అడగాలి |
| 5 | మిరప అమ్మకం | 62850 | రూ. | రాబడి | |
| 6 | స్ప్రేయర్ | 18.750 | తేలలేదు | ఖర్చు | |

తక్‌పట్టీలో సరుకు విలువ 65,000, కోతలు 2,150 పోను చేతికొచ్చింది 62,850. కమీషన్, హమాలీ కోతలు అందులోనే పోయాయి గనుక మళ్లీ ఖర్చులో రాయకూడదు.

‘రకం’ కాగితం చూస్తే తెలుస్తుంది. ‘పద్దు’ తెలియదు. ఆ డీజిల్ ఉమ్మడి చేనుకు వాడారా, అన్న సొంత ట్రాక్టరు కిరాయికి తిరిగిందా అన్నది బిల్లు చెప్పదు. రాసే మనిషి తనకు తోచిన పద్దు పెడితే ఆ తీర్పు అతనే ఇచ్చినట్టవుతుంది. సరుకు పేరు బిల్లులో ఉన్నట్టే రాసి, పద్దు గడి ఖాళీగా వదిలి, అన్నదమ్ములిద్దరి ఎదుటా నింపడం మేలు.

షీట్‌లో రూపాయల ఖర్చు మాత్రమే కూడడానికి ఈ సూత్రం చాలు:

```
=SUMIFS(C2:C7,D2:D7,"రూ.",E2:E7,"ఖర్చు")
```

ఇది 9,293 చూపిస్తుంది. డీజిల్ ఉమ్మడిది కాదని తేలితే 7,353. స్ప్రేయర్ సంగతి తేలేదాకా దాన్ని ఇందులో కలపవద్దు. ఇకపై బిల్లు చేతికి రాగానే దాని మీద చేను పేరు, కొన్నవారి పేరు పెన్నుతో రాసి, ఆ తర్వాతే ఫోటో తీయండి.