‘రెండు గంటల క్రితం’ అంటే ఎప్పుడు?

కొట్టు షట్టరుకు ఒక చీటీ అంటించి ఉంటుంది: ‘గంటలో వస్తాను’. రాసినవాడు ఎప్పుడు రాశాడో అందులో ఉండదు. మనం పది నిమిషాలు ఆగాలో, గంట ఆగాలో తెలియదు. వార్తల వెబ్‌సైట్లలో శీర్షిక కింద కనిపించే ‘2 గంటల క్రితం’ కూడా ఇలాంటి చీటీయే. చదివేవాడికి ఇబ్బంది లేదు, అతని ‘ఇప్పుడు’ అతని చేతి గడియారంలోనే ఉంది. కానీ ప్రోగ్రాము రాసి వేల వార్తలను సేకరించేవాళ్లకు (దీన్నే స్క్రేపింగ్ అంటారు) అది చిక్కుముడి. పేజీని దాచుకున్నా, ఆ ‘ఇప్పుడు’ దాచుకోకపోతే సమయం పోయినట్టే.

ఒక ఉదాహరణ చూద్దాం. 2025 మార్చి 10 అర్ధరాత్రి దాటాక 12:40కి హైదరాబాద్‌లో ఒక ప్రోగ్రాము పేజీని దింపుకుంది. అందులో ఒక వార్త కింద ‘2 గంటల క్రితం’ అని ఉంది. ఆ ఫైలును అదే రోజు ఉదయం 9 గంటలకు విశ్లేషించే రెండో ప్రోగ్రాము, తన గడియారం చూసుకుని రెండు గంటలు తీసేసింది. వార్త ఉదయం 7కు వచ్చిందని రాసుకుంది. పేజీ దింపుకున్న ఆరు గంటల తర్వాత వార్త పుట్టినట్టయింది! అందుకే దింపుకున్న క్షణాన్ని పేజీతోపాటే నమోదు చేయాలి. సర్వర్ తన జవాబుతో పాటు పంపే `Date` అనే వరుసలో ఆ సమయం ఉంటుంది కూడా.

సరైన ఆధారం దొరికినా, 12:40 లోంచి రెండు గంటలు తీసి రాత్రి 10:40 అనేస్తే తప్పే. ‘2 గంటలు’ అన్నది గుండుగుత్త లెక్క. కొన్ని సైట్లు నిమిషాలను వదిలేస్తాయి, 2:59 అయినా ‘2 గంటలే’. అప్పుడు వార్త 9:40కీ 10:40కీ మధ్యది. మరికొన్ని దగ్గరి అంకెకు సర్దుతాయి, గంటన్నర దాటగానే ‘2 గంటలు’ అంటాయి. అప్పుడు 10:10కీ 11:10కీ మధ్యది. ఏ పద్ధతో తెలియనప్పుడు 9:40 నుంచి 11:10 వరకు అని రెండు హద్దులూ రాసుకోవడమే నిజాయితీ.

ఈ హద్దులను దగ్గరికి తేవడానికి ఓ ఉపాయం ఉంది. అదే పేజీని పది నిమిషాలకోసారి దింపుకోవాలి. ‘1 గంట’ కాస్తా ‘2 గంటలు’గా మారిన మలుపు దొరికితే, సైటు సర్దే పద్ధతి తెలిసినంతవరకు, సమయం పది నిమిషాల లోపు తేలిపోతుంది. అంతకంటే ముందు పేజీ లోపలి కోడ్ చూడాలి. పైకి ‘2 గంటల క్రితం’ అని చూపించే చాలా సైట్లు లోపల అసలు సమయాన్ని దాచి ఉంచుతాయి:

```
<time datetime="2025-03-09T16:45:00Z">2 గంటల క్రితం</time>
```

చివరి Z అంటే యూటీసీ, ప్రపంచమంతా లెక్కకు వాడే ఉమ్మడి సమయం. మన గడియారం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. కాబట్టి వార్త మార్చి 9 రాత్రి 10:15ది. మన హద్దుల్లోనే పడింది.

‘నిన్న’ అన్న మాట ఇంకా తిరకాసు. మనం పేజీ దింపుకున్న 12:40కి ఇక్కడ తేదీ మారింది, యూటీసీలో ఇంకా మార్చి 9 సాయంత్రం 7:10. సైటు మన గడియారాన్ని చూసి రాస్తే ‘నిన్న’ మార్చి 9, యూటీసీని చూసి రాస్తే మార్చి 8.

పొడి అక్షరాలనూ నమ్మలేం. ఐఎస్‌టీ మనకు భారత సమయం, ఐర్లండ్‌లో వేసవి సమయానికీ అదే పేరు, ఇజ్రాయెల్ సమయానికీ అదే. డాలస్‌లోని తెలుగు సంఘం కార్యక్రమానికి ‘మార్చి 9, ఉదయం 9:30 సీఎస్‌టీ’ అని రాస్తే? సరిగ్గా ఆ తెల్లవారుజామునే అక్కడ గడియారాలు గంట ముందుకు జరిగాయి. అక్షరాలను పట్టుకుంటే మనకు రాత్రి 9 గంటలు, ఊరి గడియారాన్ని పట్టుకుంటే 8. రాసినవాళ్ల ఉద్దేశం దాదాపు ఎప్పుడూ రెండోదే. అందుకే పొడి అక్షరాల బదులు `America/Chicago`, `Asia/Kolkata` వంటి పేర్లు వాడతారు. ఏ రోజున ఆ ప్రాంతపు గడియారం ఎలా నడిచిందో ఆ పట్టికలో ఉంటుంది.

లెక్క తప్పిందేమో తెలుసుకోవడం కష్టం కాదు. దింపుకున్న సమయం కంటే తర్వాతి వార్తలు కనిపిస్తే ఆధారం తప్పు. తెలిసిన వార్తతో పోల్చినప్పుడు తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలుంటే, ఎక్కడో భారత సమయాన్ని యూటీసీ అనుకున్నారు. సరిగ్గా గంటే తేడా, అదీ వేసవిలోనే వస్తుంటే, డాలస్ చిక్కే. ఇవన్నీ దిద్దుకోవచ్చు, పేజీ ఎప్పుడు దింపుకున్నారో రాసి ఉంటే. అది లేకపోతే మిగిలేది షట్టరు మీది చీటీయే.