ఊరికో పత్రిక, అన్నిటికీ ఒకే ఖాతా

2019 అక్టోబరులో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ‘లాన్సింగ్ స్టేట్ జర్నల్’ అనే దినపత్రిక ఒక వింత సంగతి బయటపెట్టింది. ‘లాన్సింగ్ సన్’, ‘యాన్ ఆర్బర్ టైమ్స్’ అంటూ ఊళ్ల పేర్లతో దాదాపు 40 వార్తా వెబ్‌సైట్లు ఉన్నట్టుండి పుట్టుకొచ్చాయి. చూస్తే ఏ ఊరికా ఊరి పత్రికే అనిపిస్తుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలోని టో సెంటర్ పరిశోధకురాలు ప్రియాంజన బెంగానీ ఆ తీగ పట్టుకుని లాగారు. డిసెంబరుకల్లా కనీసం 450 సైట్లున్న డొంక కదిలింది.

ఈ తీగ ఎలా దొరుకుతుంది? సైటు నడిపేవారికి రోజూ ఎంతమంది వచ్చి చూస్తున్నారో లెక్క కావాలి. ఆ లెక్క చెప్పే గూగుల్ అనలిటిక్స్ కోసం పేజీలో ఒక చిన్న కోడ్ ముక్క అతికిస్తారు. అదేమీ రహస్యం కాదు. బ్రౌజర్‌లో రైట్ క్లిక్ చేసి View page source నొక్కితే ఎవరికైనా కనిపిస్తుంది. అప్పట్లో అది ఇలా ఉండేది (అంకెలు నేను వేసినవే):

```
gtag('config', 'UA-12345678-7');
```

మధ్యలో ఉన్న పెద్ద సంఖ్య ఖాతాది. చివరి 7 ఆ ఖాతాలో ఫలానా సైటుకు ఇచ్చిన వరుస సంఖ్య. ఇంకో ఊరి పత్రికలో చివర 31 ఉండి, మధ్య సంఖ్య మాత్రం ఇదే అయితే రెండింటి లెక్కా ఒకే పద్దు పుస్తకంలో పడుతోందన్నమాట. పైగా 31 కనిపించిందంటే, ముందున్న ముప్పై ఎక్కడ అని వెతకబుద్ధేస్తుంది. ఒక సంఖ్య ఇస్తే అది వాడిన సైట్లన్నీ చూపే సేవలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. సైటుకో ఖాతా తెరిస్తే ఈ బాధ ఉండదు కదా అనిపించవచ్చు. కానీ వందల సైట్లు నడిపేవాడు వందసార్లు లాగిన్ అవుతూ కూర్చోడు. పట్టించేది ఆ పొదుపే.

సైట్లు ఏ సర్వర్‌లో ఉన్నాయన్నది ఇంతకన్నా బలహీనమైన ఆధారం. చౌక హోస్టింగ్‌లో ఒకే ఐపీ చిరునామా మీద ఒకరికొకరు తెలియని వేల సైట్లు ఉంటాయి. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సేవ అడ్డుంటే అసలు చిరునామాయే కనబడదు. అందుకే ‘ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారా’ అన్నదానికంటే ‘ఆ ఇంట్లో ఇంకెందరున్నారు’ అన్నది ముఖ్యం. ఒక చిరునామాలో ఉన్నవన్నీ ఊరి పేర్ల పత్రికలే అయితే, అప్పుడది ఆధారం.

ఇక రాత. టో సెంటర్ వీటిలో 189 సైట్లను 2019 నవంబరు 26 నుంచి రెండు వారాలు గమనించింది. 15 వేలకు పైగా వేర్వేరు కథనాలు వచ్చాయి. మనిషి పేరుతో ఉన్నవి వందో, అంతకు కాస్త అటూఇటో! మిగతావన్నీ ఖాళీలు పూరించిన దరఖాస్తుల్లాంటివి. ప్రభుత్వ గణాంకాలు తీసుకుని, ఊరి పేరు, అంకె మారిస్తే వార్త తయారు. ఇలాంటి రాతను పట్టుకోవడానికి పేర్లు, అంకెలు తీసేసి, మిగిలిన వాక్యపు అస్థిపంజరాన్ని పక్క సైటుతో పోల్చి చూస్తే చాలు. నిజానికి ఆ అంకెల వార్తల్లో చాలావాటిని అబద్ధమనలేం. మోసం వేషంలో ఉంది. ఒక రాజకీయ పక్షం వాదనలను స్వతంత్ర స్థానిక పత్రిక ముసుగులో, ఆ మామూలు వార్తల మధ్య కలిపి వడ్డించారు.

పొరబాట్లకూ చోటుంది. సైట్లు కట్టిచ్చే సంస్థ ఒక్క ఖాతాతోనే తన ఖాతాదారులందరి లెక్కా చూస్తుండవచ్చు. ఎవరో ఒక డిజైన్‌ను కాపీ కొట్టి, అందులోని సంఖ్యను తీసేయడం మరిచిపోయి ఉండవచ్చు. కావాలనే పక్కవాడి సంఖ్య అతికించేవాడూ ఉంటాడు. ads.txt అనే ఫైలులో ప్రకటనల ఖాతా సంఖ్యలుంటాయి. అక్కడ DIRECT అని ఉన్న వరుస కలిస్తే విలువుంది. RESELLER అని ఉంటే అది మధ్యవర్తి సంఖ్య, సంబంధం లేని సైట్లలోనూ కనిపిస్తుంది. కాబట్టి ఒక్క పోలికతో యజమాని ఒకడేనని రాయడం తొందరపాటు. ఖాతా, సర్వర్, రాత వేర్వేరుగా ఒకేచోటికి దారి చూపాలి, అదీ ఒకే కాలంలో.

2020 ఆగస్టుకు ఈ అల్లిక 1,200 సైట్లు దాటింది. పరిశోధకుల పని మాత్రం ఆ తర్వాత కష్టమైంది. 2023 జులైలో గూగుల్ పాత పద్ధతి ఆపేసింది. G- తో మొదలయ్యే కొత్త గుర్తులో ఖాతా సంఖ్య కనబడదు. అయితే వేబ్యాక్ మెషీన్ అనే ఇంటర్నెట్ భాండాగారంలో పాత పేజీల నకళ్లున్నాయి. వాటిలోంచి పాత సంఖ్యలను ఏరి తెచ్చే పరికరాన్ని బెల్లింగ్‌క్యాట్ పరిశోధకులు ఉచితంగా అందరికీ ఇచ్చారు. యజమాని తన సైటులోంచి ఆ సంఖ్యను ఏనాడో తీసేసినా, అప్పటి నకలులో అది అలాగే ఉంటుంది.