ఫోటోను పెద్దది చేస్తే అంచుల్లో ఏం జరుగుతుంది?

ఇంట్లో పెద్దవారి ఫోటోకు ఫ్రేమ్ కట్టించాలనుకుంటాం. ఫోన్లో ఉన్న ఫోటో 600 పిక్సెళ్ల వెడల్పు, 800 పిక్సెళ్ల ఎత్తు. ఏ4 కాగితం మీద స్పష్టంగా ప్రింటు రావాలంటే అది సుమారు 2400, 3200 ఉండాలి. అంటే రెండు వైపులా నాలుగింతలు పెంచాలి. అప్పుడు ఒక్కో పాత పిక్సెల్ చోట పదహారు వస్తాయి. ఆ కొత్తవాటి రంగును సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల పిక్సెళ్లను బట్టి లెక్కగడుతుంది. దీన్నే ఇంటర్‌పొలేషన్ అంటారు.

ఏ పద్ధతి ఎలా పనిచేస్తుందో అంచుల దగ్గర తెలుస్తుంది. తెల్లగోడ ముందు నల్లని జుట్టు ఉందనుకుందాం. 0 నలుపు, 255 తెలుపు అయితే జుట్టు 50, గోడ 200.

నియరెస్ట్ నైబర్ అన్నిటికన్నా దగ్గరి పిక్సెల్‌ను అలాగే దింపేస్తుంది. 50 లేదా 200 తప్ప మరో విలువ రాదు. జుట్టు అంచు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. క్యూఆర్ కోడ్‌కు ఇదే మేలు, ముఖానికి పనికిరాదు.

బైలీనియర్ చుట్టూ ఉన్న నాలుగు పిక్సెళ్లను దూరాన్ని బట్టి కలుపుతుంది. జుట్టుకూ గోడకూ సరిగ్గా నడుమ 125 వస్తుంది. మెట్లు పోతాయి, కానీ అంచు మసకబారుతుంది.

బైక్యూబిక్ పదహారు పిక్సెళ్లను చూస్తుంది. దగ్గరివాటిని కలుపుకుని, కాస్త దూరంగా ఉన్నవాటిని కొంత తీసివేస్తుంది. ఒక వరుసలో 50, 50, 50, 200 ఉంటే, నడిమి రెండింటి మధ్య బిందువుకు వాడుకలో ఉన్న లెక్క ఇది:

(9×50 + 9×50 − 50 − 200) ÷ 16 ≈ 41

జుట్టు కన్నా నల్లని గీత పుట్టింది. గోడవైపు ఇలాగే 209 వస్తుంది. ఈ తేడా వల్లే అంచు పదునుగా కనిపిస్తుంది.

హంగరీ గణితవేత్త కొర్నేలియస్ లాంచోష్ పేరుమీదున్న లాంచోష్ పద్ధతి సాధారణంగా 36 పిక్సెళ్లను లెక్కలోకి తీసుకుంటుంది. అదే చోట దాని విలువ సుమారు 33. ఇంకో పిక్సెల్ లోపలికి వెళితే 54. అంటే నల్లగీత పక్కన లేతగీత కూడా వస్తుంది. చీర నేత, ఆకుల ఈనెలు దీనితో చక్కగా తేలుతాయి. అయితే కళ్లజోడు ఫ్రేమ్ చుట్టూ, చొక్కా కాలరు చుట్టూ వెలుగు అంచులు కనిపించవచ్చు.

వాట్సాప్‌లో కుదించుకుపోయిన ఫోటోలో చిన్నచిన్న చదరపు గళ్ల మచ్చలుంటాయి. లాంచోష్ వాటినీ పదును పెడుతుంది. అలాంటి ఫోటోకు బైక్యూబిక్ నయం, మచ్చలు మరీ ఎక్కువైతే బైలీనియర్. పెంచిన ఫోటోను 100 శాతం సైజులో తెరిచి చెవి, కాలరు, కళ్లజోడు దగ్గర చూస్తే తేడా దొరికిపోతుంది.

ఈ నాలుగింటిలో ఏదీ ఫోటోలో లేని కనురెప్ప వెంట్రుకను తెచ్చిపెట్టలేదు. అందుకే పెంచే ముందు, ఫోటో తీసినవారిని అసలు ఫైలును డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.