కార్డు అడిగే ట్రయల్, అడగని ట్రయల్

2020 డిసెంబరు 5, 6 తేదీల్లో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో ‘స్ట్రీమ్‌ఫెస్ట్’ పెట్టింది. పేరు, ఈమెయిలో ఫోన్ నంబరో, ఒక పాస్‌వర్డ్ ఇస్తే చాలు, రెండు రోజులు ఉచితంగా చూడొచ్చు. కార్డు ఊసే లేదు. అంతకుముందు అదే సంస్థ నెల రోజుల ట్రయల్ ఇచ్చినప్పుడు మాత్రం ముందుగా కార్డు నంబరు ఇవ్వాల్సి వచ్చేది.

కార్డు అడిగితే ఏమవుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. దుకాణాల పద్దులు రాసే ఒక యాప్ వెబ్‌సైటుకు నెలకు 10,000 మంది వస్తున్నారనుకుందాం. కార్డు అడిగితే 200 మందే ట్రయల్‌లో చేరతారు, వారిలో 100 మంది డబ్బు కడతారు. అడగకపోతే 1,000 మంది చేరి, 150 మంది కడతారు. మొదటి దారిలో కన్వర్షన్ 50 శాతం, రెండోదాంట్లో 15. మీటింగులో మొదటిదానికే చప్పట్లు. డబ్బు కట్టినవాళ్లు ఎక్కువున్నది మాత్రం రెండోదాంట్లో! శాతాన్ని ట్రయల్‌లో చేరినవారిపై కాక, సైటుకు వచ్చినవారిపై కడితేనే అసలు సంగతి బయటపడుతుంది.

పైగా ఆ 100 మందిలో కావాలని కట్టినవారెందరు, రద్దు చేయడం మరిచిపోయినవారెందరు? మరిచిపోయినవారు స్టేట్‌మెంట్ చూసుకున్న నెలలోనే వెళ్లిపోతారు. అందుకే మొదటి రెండు మూడు బిల్లుల దగ్గర రద్దులు ఒక్కసారిగా పెరిగాయంటే, ఆ కన్వర్షన్‌లో కొంత మతిమరుపు పుణ్యమేనని అనుమానించాలి.

జనం ఈ మతిమరుపును ముందే ఊహిస్తారు కూడా. యూరప్‌లోని ఒక వార్తాపత్రిక సైటులో 20 లక్షలకు పైగా సందర్శకులపై పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. వారు పరీక్షించింది కార్డును కాదు, గడువు తీరాక చందా దానంతటదే కొనసాగాలా, ఆగిపోవాలా అన్నది. కొనసాగుతుందని చెప్పినప్పుడు చేరినవారు 24 నుంచి 36 శాతం తగ్గారు.

సపోర్టు విభాగానికి రెండు దారుల్లోనూ పని ఉంటుంది, ఆ పని తీరే వేరు. కార్డు లేనిచోట ఫోన్లు ఎక్కువ: ‘పాత బిల్లులు ఎలా ఎక్కించాలి?’, ‘ఓటీపీ రాలేదు’. చాలావాటికి ఒక చిన్న వీడియో చాలు. కొత్త ఈమెయిల్‌తో పదే పదే ట్రయల్ తీసుకునేవాళ్లూ తగులుతారు. కార్డు ఉన్నచోట ఫోన్లు తక్కువే, కానీ ఒక్కోటి ఒక్కో పంచాయితీ: ‘నేను అడగకుండా డబ్బెందుకు కోశారు?’ రిఫండ్ ఆలస్యమైతే కస్టమర్ బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. బ్యాంకు డబ్బు వెనక్కి లాగితే, రుసుము కూడా సంస్థ నెత్తినే పడుతుంది.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, కార్డు నుంచి చందా కోసే ముందు కనీసం 24 గంటలకు ఖాతాదారుకు సందేశం రావాలి, అందులోనే వద్దనే వీలుండాలి. మరిచిపోయినవారిని నమ్ముకున్న కంపెనీకి ఆ సందేశం వెళ్లిన రోజే రద్దులు మొదలవుతాయి.