అట్ట నలిగిన ఇరవై పేజీలు

ఆ పుస్తకం చూస్తే ఫుట్‌పాత్ మీద సగం ధరకు అమ్మే పాత స్టీఫెన్ కింగ్ నవలేమో అనిపిస్తుంది. అట్ట మడతలు పడి, అంచులు అరిగిపోయి ఉంటుంది. పైన ‘మాంటాక్’ అన్న పేరు, నేల మీద పడిపోయిన ఒక సైకిల్ బొమ్మ. అది నవల కాదు. తాము తీయాలనుకున్న టీవీ సిరీస్ గురించి నిర్మాణ సంస్థలకు చెప్పడానికి మ్యాట్, రాస్ డఫర్ అనే అమెరికన్ కవల సోదరులు తయారు చేసుకున్న ఇరవై పేజీల పిచ్ డెక్ అది. తర్వాత ఆ సిరీస్ పేరు మారి ‘స్ట్రేంజర్ థింగ్స్’ అయింది.

పిచ్ డెక్ అంటే సినాప్సిస్‌కు బొమ్మలు అతికించడమే అని చాలామంది అనుకుంటారు. తేడా వచ్చేది ఇక్కడే. సినాప్సిస్ ‘ఏం జరుగుతుంది’ అని చెబుతుంది. డెక్ చెప్పాల్సింది ‘చూస్తుంటే ఎలా ఉంటుంది’ అని. నిర్మాణ సంస్థలో కూర్చున్న మనిషి టేబుల్ మీదికి కథలు వస్తూనే ఉంటాయి. ఊళ్లో పిల్లాడు తప్పిపోయాడన్న కథ ఆయన ఎన్నిసార్లు విని ఉంటాడో! అందుకే డఫర్ సోదరులు కథ మొదలుపెట్టక ముందే అట్టతో సగం పని కానిచ్చారు. పుస్తకం చేతిలో పడగానే ఎనభైల నాటి భయం, బాల్యం, కాస్త పాత కాగితం వాసన అందాలన్నది వాళ్ల లెక్క.

లోపలి పేజీల్లోనూ అదే పట్టుదల. మొదటే సంగతి తేల్చేశారు: 1980లో, న్యూయార్క్ లాంగ్ ఐలాండ్ చివరన ఉన్న మాంటాక్ అనే ఊళ్లో జరిగే ఎనిమిది గంటల కథ. తర్వాత పేజీల నిండా ‘ఈ.టీ.’, ‘పోల్టర్‌గైస్ట్’, ‘జాస్’ లాంటి సినిమాల స్టిల్స్. పుస్తకంతో పాటు పాతిక పైచిలుకు సినిమాల ముక్కలు కలిపి ఒక ఉత్తుత్తి ట్రైలర్ కూడా కట్ చేశారు. అందులో స్పీల్‌బర్గ్ దృశ్యాల వెనక జాన్ కార్పెంటర్ మార్కు సింథసైజర్ సంగీతం మోగుతుంది. అమాయకంగా సైకిళ్లు తొక్కే పిల్లల వెనక ఒళ్లు జలదరించే సంగీతం. సిరీస్ ధోరణి ఏమిటో చెప్పడానికి ఇక మాటలు ఖర్చు చేయాల్సిన పని లేకపోయింది.

ఇలా ఇతరుల సినిమాలను ఉదాహరణగా చూపడంలో ఒక ప్రమాదం ఉంది. ‘మాది దృశ్యం లాంటిది, కానీ ఇంకా బాగుంటుంది’ అంటే ఎదుటివాడికి గుర్తుండేది దృశ్యమే. పోలిక ఒక్కటే ఉంటే అది అనుకరణలా కనిపిస్తుంది. పొసగని రెండింటిని పక్కపక్కన పెడితే ఆ రెండిటి మధ్య ఉన్న ఖాళీలో మన కథ కనిపిస్తుంది. డఫర్ సోదరులు చేసింది ఈ రెండో పని.

ధోరణి కుదిరినంత మాత్రాన ఎవరూ డబ్బు పెట్టరు. ఎనిమిది గంటలు కథ దేని మీద నడుస్తుందో కూడా తేలాలి. ‘మాంటాక్’లో ఒక పిల్లాడు మాయమవుతాడు. అతని కోసం స్నేహితులు ఒక దారిలో, వయసొచ్చిన అక్కలు అన్నలు ఇంకో దారిలో, తల్లి, పోలీసు అధికారి మరో దారిలో వెతుకుతారు. ఎవరికి దొరికే ఆధారం వాళ్లది. ముగ్గురి ఆధారాలూ ఒకచోట కలిస్తే తప్ప సమాధానం దొరకదు. ఈ అమరిక వల్ల ప్రతి ఎపిసోడ్‌కూ సరుకు ఉంటుంది. సాగదీయాల్సిన అవసరం రాదు.

ఇదే మన దగ్గరి కథకు పెట్టి చూద్దాం. ‘ఒక ఊరు, రెండు కుటుంబాలు, ప్రేమ, పగ, త్యాగం’ అని డెక్‌లో మొదటి వాక్యం రాస్తే అందులో కథ లేనట్టే. దాని బదులు ఇలా ఉందనుకుందాం: ‘ముంపులో పోబోయే గోదావరి గట్టు పల్లెలో నష్టపరిహారం జాబితా సరిచూడటానికి వచ్చిన వీఆర్వోకు, పదేళ్ల కిందట చనిపోయిన సొంత అన్న పేరు బతికున్నవాళ్ల వరుసలో కనిపిస్తుంది.’ ఒక్క వాక్యంలో మనిషి, చోటు, చిక్కుముడి, గడువు అన్నీ వచ్చేశాయి. నీళ్లు వచ్చేలోగా తేలాలి. అన్న పేరు రాయించింది ఎవరు, ఆ డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోంది, వదినకు తెలుసా అన్నవి వాటంతట అవే ఎపిసోడ్లవుతాయి. ఇలాంటి వాక్యాన్నే లాగ్‌లైన్ అంటారు. దాన్ని పరీక్షించడానికి ఓ తేలిక మార్గం ఉంది. సినిమాలతో సంబంధం లేని వాళ్లెవరికైనా ఒకసారి చెప్పి, మర్నాడు వాళ్ల నోటితో మళ్లీ చెప్పించుకోవాలి. చిక్కుముడి వదిలేసి ‘ఏదో ఊరి కథ’ అన్నారంటే లాగ్‌లైన్ మళ్లీ రాయాలి.

పాత్రల పేజీలోనూ ఇదే సూత్రం. ‘మంచివాడు, తెలివైనవాడు, కోపిష్టి’ అని రాస్తే ఏ నటుడి ముఖమూ కళ్ల ముందు మెదలదు. ‘మాంటాక్’లో మైక్‌కు ముఖం మీద పుట్టుమచ్చ ఉంటుంది. దాన్ని చూసి బడిలో పిల్లలు ఏడిపిస్తారు. ఆ ఒక్క మచ్చతో అతనికి స్నేహితులు ఎంత ముఖ్యమో అర్థమైపోతుంది. తీసిన సిరీస్‌లో ఆ మచ్చ లేకుండా పోయింది, అది వేరే సంగతి.

ఇంత కష్టపడ్డాక వెంటనే ఒప్పుకున్నారా? లేదు. పదిహేను, ఇరవై చోట్ల కాదన్నారని డఫర్ సోదరులే చెప్పారు. కొందరు దీన్ని పిల్లల షోగా మార్చమన్నారు. మరికొందరు పిల్లల్ని తీసేసి పోలీసు అధికారి పరిశోధనగా తీయమన్నారు. రెండింటిలో దేనికి తలూపినా డెక్ అట్ట మీది సైకిల్‌కు అర్థం ఉండేది కాదు. డెక్‌కు ఇది కూడా ఒక పని అనిపిస్తుంది: ఎవరికి అమ్మకూడదో తెలియజేయడం. చివరికి షాన్ లెవీకి చెందిన 21 ల్యాప్స్ సంస్థ చేతికి స్క్రిప్టు, డెక్ చేరాయి. అక్కడి నుంచి నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లాయి. 2016 జులై 15న ఎనిమిది ఎపిసోడ్లు విడుదలయ్యాయి.

స్క్రిప్టు అన్న మాటను దాటేయకూడదు. డెక్ తయారయ్యేసరికి మొదటి ఎపిసోడ్ పూర్తి స్క్రిప్టు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది. డెక్ నచ్చినవాళ్లు తర్వాత అడిగేది అదే. అప్పుడు ‘రాస్తున్నాం’ అంటే అక్కడితో ఆగిపోయినట్టే.

డెక్‌లో రాసిందంతా తెర మీదికి వచ్చిందా అంటే, అదీ లేదు. మాంటాక్ పోయి ఇండియానా రాష్ట్రంలో హాకిన్స్ అనే కల్పిత ఊరు వచ్చింది. 1980 కాస్తా 1983 అయింది. షూటింగ్ అట్లాంటా చుట్టుపక్కల జరిగింది. కానీ మూడు తరాలు, మూడు దారులు, పిల్లల భయం, సింథసైజర్ మాత్రం అలాగే నిలిచాయి. డెక్‌లో వేటిని వదులుకోవచ్చో, వేటిని వదులుకోకూడదో రచయితకు ముందే తెలిసి ఉండాలి.

ఇక ఆఖరి సంగతి, కాస్త చేదుది. 2018లో ఒక దర్శకుడు ఈ ఆలోచన తనదేనంటూ డఫర్ సోదరుల మీద దావా వేశాడు. మాంటాక్ నేపథ్యంలో ఒక చిన్న సినిమా తీశానని, 2014లో ఒక పార్టీలో ఆ కథ వాళ్లకు చెప్పానని ఆయన వాదన. అంతకు ముందే, 2010, 2013లలోనే ఈ ఆలోచన మీద వాళ్లు పని చేసినట్టు పత్రాలు బయటికి రావడంతో 2019లో ఆయనే దావా వెనక్కి తీసుకున్నాడు. కాబట్టి డెక్ ఎవరికైనా పంపే ముందు స్క్రిప్టును రచయితల సంఘంలో నమోదు చేయించండి, ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో ఆ వీలుంది. ఏ తేదీన ఎవరికి ఏ ప్రతి పంపారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, పాత ఈమెయిళ్లు మాత్రం చెరిపేయకండి.