మన రక్తంతోనే కట్టిన గోడ

తొడ మీద సెగగడ్డ లేచి, నాలుగైదు రోజులకు పండుతుంది. డాక్టరు గాటు పెట్టి చీము తీసి, కాస్త దూదిపుల్లకు అంటించి ల్యాబ్‌కు పంపుతారు. మర్నాటికి రక్తం కలిపిన అగార్ పళ్లెం మీద నున్నటి, గుండ్రటి చుక్కలు లేస్తాయి. వాటిలో లేత బంగారు రంగు కనిపిస్తుంది. చీములో ఈ సూక్ష్మజీవులను 1880లో గుర్తించినవాడు స్కాట్లాండ్‌లోని అబర్డీన్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్. ద్రాక్షగుత్తుల్లా ఉన్నాయని వాటికి స్టెఫైలోకోకస్ అని పేరు పెట్టాడు. ఆ బంగారు రంగును బట్టి ‘ఆరియస్’ అన్న మాట 1884లో జర్మన్ వైద్యుడు రోజెన్‌బాక్ చేర్చాడు. అయితే రంగు చూసి ఇదేనని చెప్పలేం. మన చర్మం మీద ఏ హానీ చేయకుండా బతికే దీని దాయాదులు కొన్ని దాదాపు ఇలాగే ఉంటాయి. తేడా తేల్చేది ఒక చిన్న గాజు గొట్టం.

కుందేలు ప్లాస్మాను, అంటే కణాలు తీసేసిన రక్తద్రవాన్ని, సెలైన్‌తో ఆరింతలకు పలచన చేసి, ఒక మిల్లీలీటరు గొట్టంలో పోస్తాం. అందులో ఆ బ్యాక్టీరియా పెరిగిన ద్రవం పదో వంతు కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. గంటకోసారి తీసి మెల్లగా వంచి చూడాలి. ఊపకూడదు, ఊపితే అప్పుడే కడుతున్న గడ్డ విరిగిపోతుంది. నాలుగు గంటల్లోపు గొట్టం వంచినా ద్రవం జారకుండా తోడుకున్న పెరుగులా నిలబడితే అది ఆరియస్. ప్లాస్మాను అలా గడ్డకట్టించిన పదార్థం పేరు కోయాగ్యులేజ్.

ఈ పరీక్ష రెండు రకాలుగా మోసం చేస్తుంది. నాలుగు గంటల దగ్గర చూడకుండా రాత్రంతా ఇంక్యుబేటర్‌లో వదిలేస్తే, కట్టిన గడ్డ తెల్లారేసరికి కరిగిపోయి ఉండొచ్చు. గడ్డను కరిగించే స్టెఫైలోకైనేజ్ అనే పదార్థాన్ని కూడా చాలా ఆరియస్ రకాలు తయారుచేస్తాయి మరి. రెండోది ప్లాస్మా ఎంపికలో ఉంది. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపిన ప్లాస్మా వాడితే, పేగుల్లో ఉండే ఎంటెరోకోకస్ లాంటివి ఆ సిట్రేట్‌ను తినేస్తాయి. అప్పుడు విడుదలైన కాల్షియంతో ప్లాస్మా దానంతటదే గడ్డకడుతుంది, నేరం లేనివాడి మీద ముద్ర పడుతుంది. అందుకే ఈడీటీఏ కలిపిన ప్లాస్మా మేలు. పక్కనే బ్యాక్టీరియా కలపని గొట్టం ఒకటి, తెలిసిన ఆరియస్ కలిపిన గొట్టం ఒకటి పెట్టకుండా ఫలితం రాయడం నాకు ఎప్పుడూ మనసొప్పదు.

గొట్టంలో జరిగిందే ఒంట్లోనూ జరుగుతుంది. మనకు దెబ్బ తగిలినప్పుడు రక్తంలోని ప్రోథ్రాంబిన్ అనే ప్రొటీన్ ఒకచోట తెగి, పనిచేసే థ్రాంబిన్‌గా మారుతుంది. అది ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది, ఆ దారాల అల్లికే రక్తపు గడ్డ. ఆరియస్ దగ్గర ప్రోథ్రాంబిన్‌ను తెంచే కత్తి లేదు. కోయాగ్యులేజ్ తన కొసను ప్రోథ్రాంబిన్‌లోని చిన్న గుంటలోకి దూర్చి, తెగకుండానే దాన్ని పనిలోకి దింపుతుంది. అంటే దారం మనది, మగ్గం మనది, నేయించేది మాత్రం అది. ఇలా పుట్టిన ఫైబ్రిన్ బ్యాక్టీరియా గుంపు చుట్టూ గోడలా అల్లుకుంటుంది. తెల్లకణాలు వేలకు వేలు వచ్చి ఆ గోడ బయటే ఆగి చచ్చిపోతాయి. వాటి శవాలే మనం చూసే చీము. పెద్ద సెగగడ్డకు మాత్రలొక్కటే చాలవని, కోసి చీము తీయాలని డాక్టర్లు పట్టుబట్టడానికి ఇదొక కారణం. రక్తనాళాలు లేని ఆ మధ్యభాగానికి మందు సరిగా చేరదు. చేతులతో పిండితే మరీ ముప్పు. గోడ లోపలికి చిట్లి, బ్యాక్టీరియా పక్క కండలోకీ రక్తంలోకీ పోవచ్చు.

గోడ కట్టేలోపు తెల్లకణాల కంటపడకుండా ఉండాలి కదా, ఆ పని ప్రొటీన్ ఎ చూస్తుంది. యాంటీబాడీని పంగలకర్రలా ఊహించుకోండి. రెండు పంగలు క్రిమిని పట్టుకుంటాయి, వెనుక ఉన్న కాడను తెల్లకణం పట్టుకుని క్రిమిని మింగుతుంది. ఆరియస్ ఒంటినిండా ఉండే ప్రొటీన్ ఎ ఆ కాడనే పట్టేస్తుంది. యాంటీబాడీ తలకిందులుగా వేలాడుతుంది, పంగలు గాల్లో ఉంటాయి, తెల్లకణానికి పట్టు దొరకదు. ఈ సంగతి 1966లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఫోర్స్‌గ్రెన్, షోక్విస్ట్ వెల్లడించారు. ఆ పట్టు ఎంత నమ్మకమైనదంటే, క్యాన్సర్ చికిత్సలో వాడే యాంటీబాడీ మందులను ఫ్యాక్టరీల్లో శుద్ధి చేయడానికి ప్రొటీన్ ఎ అతికించిన పూసల గుండానే పారిస్తారు.

ఇంతటితో ఆగదు. యాంటీబాడీలు తయారుచేసే బి కణాల్లో ఒక పెద్ద వర్గాన్ని కూడా ప్రొటీన్ ఎ పట్టుకుని, ఆ కణాలను తప్పుదారి పట్టిస్తుంది. అవి గుడ్డిగా విభజన చెంది చచ్చిపోతాయి, లేదా ఈ క్రిమికి పనికిరాని యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఒకసారి సెగగడ్డ వచ్చిపోయినా మళ్లీ రాదన్న భరోసా లేకపోవడానికి నేను మొదట చెప్పే కారణం ఇదే.

బ్యాక్టీరియా కొద్దిగా ఉన్నంతవరకు ప్రొటీన్ ఎ, కోయాగ్యులేజ్‌ల తయారీయే ఎక్కువ. ప్రతి కణమూ ఒక చిన్న పెప్టైడ్‌ను బయటికి వదులుతుంటుంది. గుంపు చిక్కబడ్డకొద్దీ అదీ చిక్కబడుతుంది. ఒక హద్దు దాటాక ఏజీఆర్ అనే జన్యు వ్యవస్థ మేల్కొని, దాక్కునే సరంజామా తగ్గించి విషాల తయారీ పెంచుతుంది. వాటిలో ముఖ్యమైనది ఆల్ఫా టాక్సిన్. దాని అణువులు ఏడు కలిసి కణం పొర మీద వలయంగా కూర్చుని రంధ్రం పొడుస్తాయి. లోపలి పొటాషియం బయటికి కారి, కణం చస్తుంది.

ఈ విషం బలం 1928 జనవరి 27న ఆస్ట్రేలియాలోని బండబర్గ్ పట్టణంలో బయటపడింది. డిఫ్తీరియా టీకా సీసాలో క్రిములు పెరగకుండా ఆపే మందు కలపలేదు. ఒకే సీసా నుంచి పలుమార్లు సూదితో తీశారు, పైగా అది అక్కడ నడివేసవి. కొన్ని రోజుల ముందు అదే సీసా నుంచి టీకా వేసుకున్న పిల్లలకు ఏమీ కాలేదు. ఆ రోజు వేయించుకున్న 21 మందిలో 12 మంది చనిపోయారు. సీసాలోనూ, బతికిన పిల్లలకు సూది గుచ్చినచోట లేచిన గడ్డల్లోనూ స్టెఫైలోకోకస్ దొరికింది. విచారణలో పనిచేసిన యువ వైద్యుడు మాక్‌ఫార్లేన్ బర్నెట్ తర్వాత ఈ విషం మీదే పరిశోధన సాగించాడు. ఆ కొద్ది రోజుల్లో సీసాలో క్రిముల గుంపు చిక్కబడి, విషం సిద్ధమై ఉంటుందని ఇప్పుడు మనం అర్థం చేసుకోగలం.

మళ్లీ మన తొడ మీది గడ్డకే వద్దాం. ఏడాదిలో మూడు నాలుగుసార్లు వస్తోందంటే, చీముతోపాటు ముక్కు లోపలి నుంచి కూడా దూదిపుల్లతో నమూనా తీస్తాం. దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరి ముక్కులో ఆరియస్ కాపురముంటుంది. అక్కడ అది ఏ బాధా పెట్టదు. ముక్కులో పెట్టిన వేలు గోకిన తొడకు చేరినప్పుడే కథ మొదలవుతుంది. ముక్కుదీ, గడ్డదీ ఒకే రకం అని తేలితే గడ్డకు కట్టు కట్టడంతో పాటు ముక్కుకు పూసే మందు, ఒంటికి క్లోర్‌హెక్సిడిన్ స్నానం రాస్తారు. ఇంట్లో తువ్వాళ్లు, రేజర్లు ఎవరివి వాళ్లకే ఉంచమంటారు.