మట్టి ఎక్కడికి పోయింది?

గత వేసవిలో మా బాబాయి మడి చదును చేయించాలనుకున్నాడు. సర్వేయింగ్ చదువుతున్నాను కదా, లెక్క నేను వేస్తానన్నాను. మడి 60 మీటర్లు బై 60, అంటే సుమారు 90 సెంట్లు. 20 మీటర్లకొకటి చొప్పున తొమ్మిది గుంజలు పాతి, డంపీ లెవెల్‌తో రీడింగులు తీశాం. మొదటి గుంజల వరుస గట్టు నుంచి 10 మీటర్లు లోపలికి ఉండాలి. అప్పుడే ప్రతి గుంజా తన చుట్టూ 400 చదరపు మీటర్లకు ప్రతినిధి అవుతుంది. గట్టు మీదే పాతితే మూల గుంజకు పావు వంతే దక్కుతుంది, మామూలు సగటు తప్పుతుంది.

మట్టాలు మీటర్లలో ఇవి:

10.12  10.08  10.03
10.10  10.02  9.97
10.04  9.96  9.95

మొత్తం 90.27, సగటు 10.03. సగటు కంటే ఎత్తున్న చోట తవ్వాలి, పల్లం ఉన్న చోట పోయాలి. తవ్వాల్సిన లోతులు 9, 5, 7, 1 కలిపితే 22 సెం.మీ. పోయాల్సినవి 1, 6, 7, 8 కూడా 22. 0.22ని 400తో గుణిస్తే 88 ఘనపు మీటర్లు. అటూ ఇటూ సమానం! నాకైతే భలే గర్వంగా అనిపించింది.

ట్రాక్టర్ అతను ఎత్తు వైపు నుంచి నెట్టుకుంటూ వచ్చాడు. పని అయిపోయాక మొదటి తడికే చివరి మూలలో రెండు వేళ్ల నీళ్లు అదనంగా నిలిచాయి. బాబాయి నన్ను పిలిచి, "రెండూ సమానమన్నావు కదరా, మరి మట్టి ఎక్కడికి పోయింది?" అన్నాడు.

ఎక్కడికీ పోలేదు, అణిగింది. పోసిన మట్టి చక్రాల కింద, తర్వాత తడికి కుదించుకుపోతుంది. తవ్విన చోట నేల కూడా బండి బరువుకి కాస్త దిగుతుంది. అందుకే తవ్వకం, పూడికకు 1.2 రెట్లయినా ఉండాలంటారు. మట్టిని బట్టి ఇది మారుతుంది, వదులు నేలల్లో ఇంకా ఎక్కువ కావాలి. ఆ లెక్కన నా 88 ఘనపు మీటర్లు పూడ్చింది 73 మాత్రమే. లోటు 15. అదంతా చివరి గుంజ 400 చదరపు మీటర్ల మీదే పడితే దాదాపు 4 సెం.మీ. పల్లం. బాబాయి చూపించిన రెండు వేళ్లు అవే.

మరి ఏం చేసుండాల్సింది? సగటు మట్టాన్ని అర సెంటీమీటరు దించాలి, అంతే. 10.025 పెడితే తవ్వకం లోతులు 9.5, 5.5, 0.5, 7.5, 1.5 కలిపి 24.5. పూడిక 0.5, 5.5, 6.5, 7.5 కలిపి 20. అంటే 98కి 80, నిష్పత్తి 1.22. సరిచూసుకోవడం తేలిక: 3600 చదరపు మీటర్ల మీద అర సెంటీమీటరంటే 18 ఘనపు మీటర్లు. 98లోంచి 80 తీసేసినా అంతే రావాలి.

మట్టి కదిలిపోయింది కాబట్టి పాత అంకెలు ఇక పనికిరావు. ఈ వేసవిలో తొమ్మిది గుంజలూ మళ్లీ పాతుతున్నాం. స్టాఫ్ పట్టుకోవడానికి బాబాయి తనే వస్తానన్నాడు, నా మీద నమ్మకం ఎంతుందో అర్థమైంది.